సిగ్మా బాగుంది, కొలతే తప్పు: సీఎంఎం ప్రోబ్ క్వాలిఫికేషన్ ఫలితాన్ని ఎలా చదవాలి

ఒకే సీఎంఎం, అంటే కోఆర్డినేట్ మెజరింగ్ మెషీన్ మీద, ఒకే స్టైలస్‌తో రెండు పార్టులు కొలిచారు. మొదటిది 40 హెచ్7 బోర్. అంటే 40.000 నుంచి 40.025 మి.మీ. దాకా ఉండొచ్చు. మెషీన్ 39.997 చూపించింది, రిజెక్ట్. రెండోది అదే బోర్‌లో తిరిగే 40 జీ6 షాఫ్ట్. దాని పరిధి 39.975 నుంచి 39.991 దాకా. మెషీన్ 39.993 చూపించింది, ఇదీ రిజెక్ట్. బోర్ చిన్నదైంది, షాఫ్ట్ పెద్దదైంది. చేత్తో అమర్చి చూస్తే మాత్రం షాఫ్ట్ బోర్‌లోకి హాయిగా దిగి తిరుగుతోంది. ఆ రోజు పొద్దున ప్రోబ్ క్వాలిఫై చేసినప్పుడు తెర మీద వచ్చిన ఫలితం ఇది:

```
TIP       D         STDDEV
T1A0B0    2.9872    0.0004
```

స్టాండర్డ్ డీవియేషన్ 0.4 మైక్రాన్. షాపు ఫ్లోర్ మీద దీన్ని అందరూ సిగ్మా అనే అంటారు. ఇంత చిన్న సిగ్మా వస్తే ఏ ఆపరేటరైనా క్వాలిఫికేషన్ బాగా వచ్చిందనుకుని ముందుకు వెళ్తాడు. కొలిచేటప్పుడు 6 మైక్రాన్ల తప్పు వస్తున్న సంగతి ఆ ఫలితంలోనే ఉంది, కానీ సిగ్మా పక్కనున్న అంకెలో. క్వాలిఫికేషన్ ఇచ్చే మూడు ఫలితాలు, అంటే టిప్ వ్యాసం, సిగ్మా, టిప్ కేంద్రం, మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. చాలాచోట్ల ఒక్క సిగ్మానే చూసి మిగతా రెండింటి జోలికి పోరు.

గోళాన్ని తాకినప్పుడు మెషీన్‌కు నిజంగా తెలిసేది

సీఎంఎంకు పార్టు ఉపరితలం ఎక్కడుందో నేరుగా తెలియదు. టిప్‌గా ఉన్న రూబీ బాల్ పార్టును తాకి, ప్రోబ్ ట్రిగర్ అయిన క్షణంలో మూడు స్కేళ్ల రీడింగ్ ఎంతో అదొక్కటే తెలుస్తుంది. ఆ రీడింగ్ నుంచి బాల్ కేంద్రం ఎక్కడుందో లెక్కగట్టి, అక్కడి నుంచి బాల్ వ్యాసార్థమంత జరిగితే ఉపరితలం దొరుకుతుంది. కాబట్టి రెండు సంగతులు ముందే తెలియాలి: ప్రోబ్ హెడ్ నుంచి బాల్ కేంద్రం ఎంత దూరంలో, ఏ దిశలో ఉంది, బాల్ వ్యాసం ఎంత. ఈ రెండూ కనుక్కోవడమే క్వాలిఫికేషన్.

అందుకు వాడేది రిఫరెన్స్ స్ఫియర్. సిరామిక్‌తోనో టంగ్‌స్టన్ కార్బైడ్‌తోనో చేసిన గోళం, ఒక కాడ మీద నిలబెట్టి టేబుల్‌కు బిగించి ఉంటుంది. దాని అసలు వ్యాసం సర్టిఫికెట్‌లో రాసి ఉంటుంది. 25 మి.మీ. గోళమని పిలిచినా సర్టిఫికెట్‌లో 24.9961 అనో 25.0021 అనో ఉండటం మామూలే. గుండ్రదనంలో మాత్రం దాని లోపం మైక్రాన్‌లో పదో వంతు స్థాయిలో ఉంటుంది, కాబట్టి ఆకారం విషయంలో దాన్ని నిక్కచ్చిగా నమ్మొచ్చు. ఈ గోళాన్ని టిప్‌తో చుట్టూ, పైన తాకిస్తే, ఆ బిందువులన్నిట్లో టిప్ కేంద్రం ఉన్న చోట్లు ఇంకో పెద్ద గోళంగా ఏర్పడతాయి. ఆ పెద్ద గోళం వ్యాసంలోంచి రిఫరెన్స్ గోళం వ్యాసం తీసేస్తే మిగిలేది టిప్ వ్యాసం. ఆ పెద్ద గోళపు కేంద్రం టిప్ ఆఫ్‌సెట్‌ను ఇస్తుంది. బిందువులు ఆ గోళం మీద అచ్చంగా కూర్చోకుండా ఎంత అటూ ఇటూ అయ్యాయో చెప్పేది సిగ్మా.

తీసివేతలో వాడిన రిఫరెన్స్ వ్యాసం మనిషి టైప్ చేసినదని ఇక్కడే గుర్తుంచుకోవాలి. ఆ అంకె సరైనదో కాదో మెషీన్ ఎక్కడా పరీక్షించదు.

టిప్ వ్యాసం అసలు కన్నా చిన్నగా ఎందుకు వస్తుంది

3 మి.మీ. రూబీ బాల్‌ను క్వాలిఫై చేస్తే 2.993 వస్తుంది. బాల్ అరిగిపోయిందా అని కొత్తవాళ్లు కంగారు పడతారు. బాల్ 3.000 మి.మీ.గానే ఉంది. తేడా వచ్చింది ప్రోబ్ పనిచేసే తీరు వల్ల.

మామూలు టచ్ ట్రిగర్ ప్రోబ్ రూపకల్పన 1970ల మొదటి ఏళ్ల నాటిది. కాన్‌కార్డ్ విమానపు ఒలింపస్ ఇంజన్‌లో సన్నని ఇంధన గొట్టాలను కొలవడానికి, రోల్స్‌రాయిస్‌లో పనిచేస్తున్న డేవిడ్ మెక్‌మర్ట్రీ దాన్ని తయారుచేశారు. లోపల స్టైలస్‌కు ఒకదానికొకటి 120 డిగ్రీల దూరంలో మూడు కడ్డీలుంటాయి. ఒక్కో కడ్డీ రెండు చిన్న గుండ్ల మీద కూర్చుంటుంది. స్ప్రింగ్ వాటిని అక్కడ నొక్కి పట్టి ఉంచుతుంది. ఈ ఆరు స్పర్శల గుండా సన్నని కరెంటు పోతూ ఉంటుంది. టిప్ దేనికైనా తగిలినప్పుడు ఒక కడ్డీ లేవడం మొదలై, స్పర్శ నిరోధం పెరిగి ఒక హద్దు దాటితే ట్రిగర్ అవుతుంది.

టిప్ తాకిన క్షణానికీ ట్రిగర్ క్షణానికీ మధ్య మెషీన్ ఇంకాస్త ముందుకు జరుగుతుంది. దీన్నే ప్రీ-ట్రావెల్ అంటారు. ఈ మధ్యలో స్ప్రింగ్ బలాన్ని ఎదిరించేంత ఒత్తిడి పేరుకోవాలి, అది పేరుకునేలోపు స్టైలస్ కాడ వంగుతుంది. అంటే మెషీన్ రికార్డు చేసే స్థానం, తాకిన స్థానం కన్నా గోళం వైపు కొంచెం లోపలికి ఉంటుంది. గోళం చుట్టూ అన్ని దిశల్లోనూ ఇదే జరగడంతో, టిప్ కేంద్రాలతో ఏర్పడే పెద్ద గోళం కాస్త చిన్నదవుతుంది. అందుకే టిప్ వ్యాసమూ చిన్నగా వస్తుంది. ఇది లోపం కాదు. పార్టు కొలిచేటప్పుడూ అంతే ప్రీ-ట్రావెల్ వస్తుంది కాబట్టి, చిన్నగా వచ్చిన ఆ వ్యాసాన్నే వాడితే రెండూ కొట్టుకుపోయి సరైన కొలత దొరుకుతుంది.

ఎంత వంగుతుందో ఒక చిన్న లెక్కతో చూడొచ్చు. ట్రిగర్ కావడానికి 0.8 న్యూటన్-మిల్లీమీటర్ మెలిబలం కావాలనుకుందాం. స్టైలస్ కాడ స్టీలు, 1.5 మి.మీ. మందం. పొడవు 20 మి.మీ. ఉంటే టిప్ దగ్గర కావాల్సిన బలం 0.04 న్యూటన్, కాడ వంగేది దాదాపు 2 మైక్రాన్లు. అదే కాడ 50 మి.మీ. పొడవుంటే బలం తక్కువే సరిపోతుంది, కానీ వంపు 13 మైక్రాన్ల పైకి పోతుంది. మెలిబలం మారనప్పుడు వంపు పొడవు వర్గంతో పాటు పెరుగుతుంది. స్టీలు బదులు కార్బైడ్ కాడ వేస్తే ఆ 13 కాస్తా నాలుగైదుకు దిగుతుంది. పొడవాటి స్టైలస్‌కు కార్బైడ్ వాడమనేది ఇందుకే. వ్యాసంలో కనిపించేది దీనికి రెట్టింపు, ఎందుకంటే రెండు వైపులా వంగుతుంది.

ఇక్కడో షరతుంది. ప్రీ-ట్రావెల్ రెండింట్లోనూ ఒకటేగా ఉంటేనే కొట్టుకుపోతుంది. టచ్ స్పీడ్ మారిస్తే అది మారుతుంది. ట్రిగర్ సిగ్నల్ స్కేళ్లను ఆపేలోపు అర మిల్లీసెకను జాప్యముందనుకుంటే, సెకనుకు 4 మి.మీ. వేగంలో టిప్ 2 మైక్రాన్లు ముందుకెళ్తుంది, 2 మి.మీ. వేగంలో ఒక్క మైక్రానే. పనులు త్వరగా అవ్వాలని పార్ట్ ప్రోగ్రామ్‌లో టచ్ స్పీడ్ పెంచి, క్వాలిఫికేషన్‌ను పాత స్పీడ్‌లోనే వదిలేస్తే, ప్రతి బోర్‌లోనూ ఆ తేడా చేరుతుంది. క్వాలిఫికేషన్ వేగం, కొలిచే వేగం ఒకటే ఉండాలి.

కాబట్టి టిప్ వ్యాసాన్ని దాని నామినల్‌తో పోల్చి చూడటం కన్నా నిన్నటి దానితో, పోయిన వారపు దానితో పోల్చడం మేలు. ఒకే స్టైలస్, ఒకే వేగం, ఒకే గోళం ఉన్నప్పుడు ఆ అంకె అర మైక్రాన్ అటూ ఇటూలో నిలకడగా ఉండాలి. ఉన్నట్టుండి రెండు మూడు మైక్రాన్లు తగ్గితే ఏదో వదులైంది. స్టైలస్ మరలో వదులు, మాడ్యూల్ అయస్కాంతం మీద సరిగా కూర్చోకపోవడం, గోళం కాడ బిగింపు సడలడం ఇవన్నీ తాకగానే కాస్త జరిగిపోతాయి, దాంతో ప్రీ-ట్రావెల్ పెరిగినట్టే కనిపిస్తుంది. ఒక్క టిప్‌లోనే తగ్గితే స్టైలస్‌ను అనుమానించాలి. అన్ని టిప్పుల్లోనూ తగ్గితే గోళాన్ని పట్టుకుని కదిపి చూడాలి. టచ్ ట్రిగర్ ప్రోబ్‌కు వ్యాసం నామినల్ కన్నా ఎక్కువ వచ్చిందంటే మాత్రం అది భౌతికంగా రావాల్సిన ఫలితం కాదు. గోళం మీదో టిప్ మీదో మురికి ఉండాలి, లేదా రిఫరెన్స్ వ్యాసం తక్కువగా టైప్ చేసి ఉండాలి.

సిగ్మా చూడగలిగేది, చూడలేనిది

ప్రీ-ట్రావెల్ అన్ని దిశల్లోనూ సమానంగా ఉంటే టిప్ వ్యాసం దాన్ని పూర్తిగా మింగేస్తుంది, సిగ్మా సున్నా దగ్గరే ఉంటుంది. కానీ పైన చెప్పిన మూడు కడ్డీల నిర్మాణం దాన్ని సమానంగా ఉండనివ్వదు. ఒక కడ్డీ వైపుగా తోస్తే మిగతా రెండు కడ్డీలను కలిపే గీత మీద మొత్తం ఒరగాలి, అటువైపు బలం ఒకలా ఉంటుంది. దానికి ఎదురు వైపు నుంచి తోస్తే ఆ ఒక్క కడ్డీయే ఆనిక అవుతుంది, బలం ఇంకోలా ఉంటుంది. అలా చుట్టూ తిరిగితే ప్రీ-ట్రావెల్ మూడుసార్లు పెరిగి మూడుసార్లు తగ్గుతుంది. దీన్నే లోబింగ్ అంటారు, మూడు ఆకుల పువ్వు ఆకారం. సగటును టిప్ వ్యాసం తీసేస్తుంది, సగటు నుంచి ఈ హెచ్చుతగ్గులు మిగిలిపోతాయి. స్టైలస్ పొడవు పెరిగితే సగటుతో పాటు ఇవీ పెరుగుతాయి. స్ట్రెయిన్ గేజ్ ప్రోబ్‌లు కడ్డీ లేవకముందే చిన్న బలాన్నే పసిగడతాయి కాబట్టి వాటిలో ఈ పువ్వు దాదాపు కనిపించదు.

మిగిలిన ఈ హెచ్చుతగ్గులు సిగ్మాలో కనిపించాలి కదా అనుకుంటాం. కనిపించడం, కనిపించకపోవడం ఎన్ని బిందువులు తాకామన్న దాన్నిబట్టి ఉంటుంది. గోళాన్ని నిర్ణయించడానికి నాలుగు తెలియని రాశులున్నాయి: కేంద్రానికి మూడు, వ్యాసానికి ఒకటి. చాలా షాపుల్లో ఇప్పటికీ నడుస్తున్న అలవాటు ఐదు బిందువులు, నడుమ చుట్టూ నాలుగు, నెత్తిన ఒకటి. ఐదు బిందువులు, నాలుగు తెలియని రాశులు. తప్పు బయటపడటానికి మిగిలింది ఒక్క సందే.

ఆ సందు దేన్ని చూస్తుందో అంకెలు వేసి చూద్దాం. సగటు ప్రీ-ట్రావెల్ 3.4 మైక్రాన్లు, లోబింగ్ 1.5 మైక్రాన్ల ఎత్తు ఉందనుకోండి. పువ్వు ఆకు ఒకటి సరిగ్గా ఎక్స్ అక్షం వైపు ఉందనుకుంటే, నడుమ మీద నాలుగు దిశల్లో వచ్చే ప్రీ-ట్రావెల్ ఇది:

```
0°      4.9
90°     3.4
180°    1.9
270°    3.4
```

మూడు ఆకుల పువ్వును నాలుగు చోట్ల మాత్రమే చూశాం. సున్నా డిగ్రీల దగ్గర 1.5 ఎక్కువ, 180 దగ్గర 1.5 తక్కువ, మిగతా రెండు చోట్ల సగటే. లెక్కగట్టే ప్రోగ్రామ్‌కు ఇది పువ్వులా కనిపించదు, వృత్తం ఎక్స్ దిశలో 1.5 మైక్రాన్లు జరిగినట్టు కనిపిస్తుంది. కేంద్రాన్ని అంత జరిపేస్తే నాలుగు బిందువులూ వృత్తం మీద అచ్చంగా కూర్చుంటాయి. నెత్తి మీది బిందువు లోటును జెడ్ కేంద్రం సర్దుకుంటుంది. సిగ్మా సున్నా! ప్రోబ్‌లో 3 మైక్రాన్ల హెచ్చుతగ్గు ఉంది, రిపోర్టులో దాని జాడే లేదు. పైగా అది టిప్ ఆఫ్‌సెట్‌లో 1.5 మైక్రాన్ల తప్పుగా చేరి కూర్చుంది. ఆ ఐదు బిందువుల సిగ్మా చూడగలిగింది ఒక్క రకం తప్పునే: ఎక్స్ వైపు వ్యాసం, వై వైపు వ్యాసం వేరువేరుగా ఉంటే ఆ తేడా. మిగతా వాటన్నిటికీ అది గుడ్డిదే.

బిందువులు పెంచితే ఈ ముసుగు తొలగుతుంది. ఐఎస్ఓ 10360-5 ప్రమాణం ప్రోబింగ్ పరీక్షకు 25 బిందువులు అడుగుతుంది: నెత్తిన ఒకటి, 22.5 డిగ్రీల కింద నాలుగు, 45 దగ్గర ఎనిమిది, 67.5 దగ్గర నాలుగు, నడుమ మీద ఎనిమిది. నడుమ మీద ఎనిమిది ఉంటే మూడు ఆకుల పువ్వు ఇక కేంద్రం జరిగినట్టు నటించలేదు, సిగ్మాలో బయటపడాల్సిందే. రోజువారీ క్వాలిఫికేషన్‌కు ప్రతి యాంగిల్‌లోనూ 25 తాకడం ఎక్కువ సమయం తీసుకుంటుందనుకుంటే, 13 బిందువులు మూడు మట్టాల్లో పంచి, నడుమ మీద కనీసం ఆరు ఉండేలా చూడటం నడిమి దారి. బిందువులు పెంచాక సిగ్మా 0.4 నుంచి 0.9కి పెరిగితే ప్రోబ్ పాడైందని కాదు. నిన్నటిదాకా కనిపించనిది ఇవాళ కనిపిస్తోందంతే. వేర్వేరు బిందువుల సంఖ్యతో వచ్చిన సిగ్మాలను ఒకదానితో ఒకటి పోల్చకూడదు.

సిగ్మా పెరిగినప్పుడు ఆ ఒక్క అంకెతో ఆగకుండా ఒక్కో బిందువు ఎంత తప్పిందో చూపే పట్టిక తెరవాలి. ఒకే ఒక్క బిందువు బయటికి పొడుచుకొచ్చి మిగతావి బాగుంటే దుమ్ము, వేలిముద్ర, లేదా కాడ తగలడం. ఆ పొడుపు అన్ని టిప్పులకూ గోళం మీద ఒకే చోట వస్తే మురికి గోళం మీదుంది. టిప్‌తో పాటు చోటు మారుతుంటే టిప్ మీదుంది. నూలు రాలని గుడ్డతో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ చేస్తే పోతుంది. అల్యూమినియం పార్టుల మీద రూబీతో ఎక్కువగా స్కానింగ్ చేస్తే మాత్రం తుడిచినా పోని లోహపు పొర టిప్‌కు అంటుకుంటుంది. అలాంటి పనికి సిలికాన్ నైట్రైడ్ టిప్ నయం, అయితే దాన్ని స్టీలు మీద స్కానింగ్‌కు పెడితే అరుగుతుంది. తప్పిన బిందువులన్నీ నడుమకు కింద ఒకే పక్కన ఉంటే, అక్కడ గోళానికి తాకింది బాల్ కాదు, కాడ. బాల్‌కూ కాడకూ మందంలో తేడా తక్కువున్న స్టైలస్‌తో నడుము కిందికి పోతే ఇలా అవుతుంది, కింది కోణం తగ్గించుకోవాలి. ఇక రెండోసారి చేస్తే తప్పు వేరే చోట, మూడోసారి ఇంకోచోట వస్తుంటే అది వదులే. దేన్ని బిగించాలో పైన టిప్ వ్యాసం దగ్గర చెప్పుకున్నట్టే తేల్చుకోవాలి.

కేంద్రం: రెండు టిప్పులు కలిసినప్పుడే తెలిసే తప్పు

ఒక్క టిప్‌తోనే మొత్తం పార్టు కొలిస్తే కేంద్రం ఎక్కడున్నా ఫర్వాలేదు, అన్ని కొలతలూ కలిసి జరుగుతాయి. యాంగిల్ మారిస్తేనే పేచీ. హౌసింగ్‌కు రెండు చివర్లా బేరింగ్ బోర్లున్నాయి. ఒకదాన్ని ఒకవైపు తిప్పిన టిప్‌తో, రెండోదాన్ని ఎదురు వైపు తిప్పిన టిప్‌తో కొలుస్తారు. ఆ రెండు టిప్పుల ఆఫ్‌సెట్‌ల మధ్య 4 మైక్రాన్ల తేడా ఉంటే, కోయాక్సియాలిటీ రిపోర్టులో అది 8గా వచ్చి పడుతుంది. పార్టులో మాత్రం ఏ లోపమూ లేదు.

ఈ తప్పుకు తరచూ కారణమయ్యేది సాఫ్ట్‌వేర్ క్వాలిఫికేషన్ మొదట్లో అడిగే ఒక మామూలు ప్రశ్న: గోళం కదిలిందా? లేదని చెబితే గోళం పాత చోటే ఉందని నమ్మి, కొత్త టిప్ ఆఫ్‌సెట్‌ను దాన్నుంచి లెక్కిస్తుంది. ఒక స్టైలస్ విరిగి కొత్తది వేశారు, ఆ ఒక్క టిప్‌నే మళ్లీ క్వాలిఫై చేస్తున్నారు. నిన్న ఫిక్స్చర్ పట్టక గోళాన్ని తీసి మళ్లీ అదే రంధ్రంలో బిగించారు. అదే రంధ్రం కదా అని ‘లేదు’ నొక్కారు. రంధ్రం అదే అయినా గోళం 30 మైక్రాన్లు పక్కకు కూర్చుని ఉండొచ్చు, ఆ 30 మైక్రాన్లూ కొత్త టిప్ ఆఫ్‌సెట్‌లోకి చేరిపోతాయి. సిగ్మా బాగుంటుంది, వ్యాసం బాగుంటుంది. గోళాన్ని ముట్టుకున్నా సరే, ముందు మాస్టర్ టిప్‌ను ‘అవును’ అని క్వాలిఫై చేసి, తర్వాతే మిగతా టిప్పులను ‘లేదు’తో చేయాలి.

కనిపెట్టే పద్ధతి తేలికే. క్వాలిఫికేషన్ అయ్యాక అదే గోళాన్ని ప్రతి టిప్‌తోనూ మామూలు పార్టులా కొలిచి, వచ్చిన ఎక్స్, వై, జెడ్ కేంద్రాలను పక్కపక్కన పెట్టాలి. అన్నీ ఒకే గోళానివే కాబట్టి ఒకే చోట ఉండాలి. ఒక్క టిప్ మాత్రమే పక్కకు పోతే ఆ టిప్‌ది తప్పు. మొదటి టిప్ నుంచి చివరి టిప్ దాకా కేంద్రం నెమ్మదిగా ఒకే దిశలో జరుగుతూ పోతే అది ఉష్ణోగ్రత. రాత్రి ఏసీ ఆపేసి పొద్దున్నే వేసి, గది 20 డిగ్రీలకు చేరకముందే 20 యాంగిళ్ల క్వాలిఫికేషన్ మొదలుపెడితే ఈ బొమ్మే వస్తుంది. హైదరాబాద్ ఎండాకాలంలో దీన్ని చూడటానికి పెద్దగా వెతకక్కర్లేదు.

మళ్లీ ఆ బోర్ దగ్గరికి

మొదటి పార్టుల కేసులో సిగ్మా 0.4, బిందువులు 25. కాబట్టి లోబింగ్ దాక్కునే వీలు లేదు. ఒకే టిప్ కాబట్టి ఆఫ్‌సెట్ గొడవ లేదు. మిగిలింది టిప్ వ్యాసం. ముందు వారం రికార్డులో అది 2.9932, ఇవాళ 2.9872. సరిగ్గా 6 మైక్రాన్లు తగ్గింది, సిగ్మా మాత్రం కదల్లేదు. వదులైతే ఇంత శుభ్రంగా అన్ని దిశల్లోనూ సమానంగా తగ్గదు, సిగ్మాను కూడా చెడగొడుతుంది. అన్ని దిశల్లోనూ ఒకేలా వచ్చిన తేడాకు కారణం యంత్రంలో కన్నా లెక్కలో ఉండే అవకాశమే ఎక్కువ.

టిప్ వ్యాసం 6 మైక్రాన్లు తక్కువని నమ్మిన మెషీన్ ఏం చేస్తుందో చూస్తే రెండు రిజెక్ట్‌లూ అర్థమవుతాయి. షాఫ్ట్ కొలిచేటప్పుడు టిప్ బయట తిరుగుతుంది, టిప్ కేంద్రాల వృత్తంలోంచి టిప్ వ్యాసం తీసేయాలి. తక్కువ తీసేస్తుంది కాబట్టి షాఫ్ట్ 6 పెద్దదవుతుంది. బోర్‌లో టిప్ లోపల తిరుగుతుంది, టిప్ వ్యాసం కలపాలి. తక్కువ కలుపుతుంది కాబట్టి బోర్ 6 చిన్నదవుతుంది. లోపలి కొలత ఒకవైపు, బయటి కొలత ఇంకోవైపు, రెండూ ఒకే మొత్తంలో తప్పితే టిప్ వ్యాసాన్నే చూడాలి. ఉష్ణోగ్రత తప్పు ఇలా ఉండదు. స్టీలు మీటరుకు ఒక్కో డిగ్రీకి 11.5 మైక్రాన్ల చొప్పున వ్యాకోచిస్తుంది. 5 డిగ్రీల వేడిలో 40 మి.మీ. బోరూ షాఫ్టూ రెండూ 2.3 మైక్రాన్లు పెద్దవే అవుతాయి, 400 మి.మీ. అయితే 23 అవుతుంది. టిప్ తప్పుకు పార్టు సైజుతో పనిలేదు, 40కైనా 400కైనా అదే 6.

ఇక్కడ చాలామంది చేసే పని, అనుమానం తీర్చుకోవడానికి రిఫరెన్స్ గోళాన్నే మళ్లీ కొలవడం. అది 25.0021 చూపించింది, టైప్ చేసినదీ 25.0021. నాలుగో దశాంశం దాకా సరిపోయింది, అనుమానం పోయింది. నిజానికి ఆ పరీక్ష దేన్నీ తేల్చదు. ఏ అంకె ఇస్తే ఆ అంకే తిరిగి వస్తుంది. 30 అని టైప్ చేసి క్వాలిఫై చేస్తే అదే గోళం 30 చూపిస్తుంది, అప్పుడు టిప్ వ్యాసం మైనస్‌లోకి పోయి సాఫ్ట్‌వేర్ గోల పెట్టవచ్చు గానీ, 6 మైక్రాన్లకు అది కూడా ఉండదు. ఐఎస్ఓ 10360-5 పరీక్షా గోళం, క్వాలిఫై చేసిన గోళం ఒకటే కాకూడదనడం ఇందుకే. గోళంతో సంబంధం లేని ఇంకో ప్రమాణం కావాలి: సర్టిఫికెట్ ఉన్న రింగ్ గేజ్, లేదా 20 మి.మీ. గేజ్ బ్లాక్. బ్లాక్‌ను రెండు ముఖాల మీదా ఎదురెదురుగా తాకితే అది బయటి కొలత. ఇక్కడ 20.0060 వచ్చింది. ఒక ముఖాన్నీ, అది ఆనుకున్న ప్లేటునూ పై నుంచే తాకి ఉంటే 20.0000 వచ్చి ఉండేది. ఒకే దిశలో తాకిన రెండు బిందువుల మధ్య టిప్ తప్పు కొట్టుకుపోతుంది కాబట్టి, ఈ పరీక్షకు ఎదురెదురు ముఖాలే కావాలి.

గోళం కాడ మీద చెక్కిన సీరియల్ నంబరును సర్టిఫికెట్‌తో పోల్చాక కథ తేలింది. ఆ గదిలో 25 మి.మీ. గోళాలు రెండున్నాయి. పాతది 25.0021, రెండోది 24.9961. కాలిబ్రేషన్‌కు పంపాలని పాతదాన్ని తీసి రెండోదాన్ని బిగించారు, సాఫ్ట్‌వేర్‌లో మాత్రం పాత అంకే ఉండిపోయింది. 24.9961 టైప్ చేసి మళ్లీ క్వాలిఫై చేస్తే టిప్ వ్యాసం 2.9932కు వచ్చింది, గేజ్ బ్లాక్ 20.0000 అయింది. బోర్ 40.003, షాఫ్ట్ 39.987, రెండూ పాస్.

గోళం మార్చినప్పటి నుంచి పోయిన రిపోర్టులన్నీ చెత్తబుట్ట పాలేమీ కావు. తప్పు స్థిరమైనది కాబట్టి ఏది ఎంత చెడిందో కాగితం మీదే తేల్చొచ్చు. బోర్లకు 6 కలపాలి, షాఫ్టులకు, బయటి వెడల్పులకు 6 తీయాలి. రెండు రంధ్రాల మధ్య దూరాలు, గుండ్రదనం, సమతలత్వం, ఒకే వైపు నుంచి కొలిచిన మెట్ల ఎత్తులు ఏమీ మారవు. జాగ్రత్త పడాల్సింది అంచు నుంచి రంధ్రం దాకా తీసిన దూరాలతో. రంధ్రం కేంద్రం కదలదు, అంచు మాత్రం టిప్ వ్యాసార్థపు తప్పంత, అంటే 3 మైక్రాన్లు, బయటికి జరిగి ఉంటుంది. ఆ దూరాలన్నిట్లోంచి 3 తీసి, టాలరెన్స్ అంచున పాసైనవాటినీ ఫెయిలైనవాటినీ మాత్రం బయటికి తీసి మళ్లీ కొలిస్తే చాలు.